వదిలేసిన పదాల లెక్క

ఇంటర్‌లో గణితం చదివిన వాళ్లకు బాగా తెలిసిన లెక్క ఒకటుంది. x సున్నాకు దగ్గరవుతున్నప్పుడు (x − sin x)/x³ ఏ విలువకు దగ్గరవుతుంది? x ను రేడియన్లలో తీసుకుందాం. నేరుగా x = 0 పెడితే లవం సున్నా, హారం కూడా సున్నా. అందుకే చాలామంది సైన్ శ్రేణిని ఆశ్రయిస్తారు.

sin x = x − x³/6 + x⁵/120 − x⁷/5040 + …

దీన్ని x లోంచి తీసేసి x³ తో భాగిస్తే 1/6 − x²/120 + x⁴/5040 − … వస్తుంది. మొదటి పదం తప్ప అన్నిట్లోనూ x ఉంది. x సున్నా అయితే అవన్నీ పోతాయి, అవధి 1/6. రెండు పంక్తుల్లో లెక్క తేలిపోయింది, జవాబు కూడా సరైనదే.

కానీ ‘అవన్నీ పోతాయి’ అన్నచోట ఒక్క క్షణం ఆగాలి. అక్కడున్నవి రెండు మూడు పదాలు కావు, అనంతమైన పదాలు. ఒక్కో పదం సున్నాకు వెళ్తున్నంత మాత్రాన వాటి మొత్తం కూడా సున్నాకు వెళ్తుందని హామీ లేదు. ఇది ఊరికే పెట్టుకున్న సందేహం కాదు. కింది శ్రేణిని చూడండి.

x² + x²/(1+x²) + x²/(1+x²)² + x²/(1+x²)³ + …

x సున్నాకు దగ్గరయ్యే కొద్దీ ఇందులో ప్రతి పదమూ సున్నాకు వెళ్తుంది, ఎందుకంటే ఏ పదమూ x² ని మించదు. అయితే ఇది గుణశ్రేఢి. x సున్నా కానంతవరకు దీని మొత్తం సరిగ్గా 1 + x². x = 0.1 అనుకుంటే మొదటి పదం 0.01 మాత్రమే, తర్వాతివి ఇంకా చిన్నవి, అయినా మొత్తం 1.01. x ను ఎంత తగ్గించినా మొత్తం 1 దగ్గరికే వస్తుంది తప్ప సున్నాకు రాదు. పదాలు చిన్నవవుతున్న కొద్దీ అవి తగ్గే వేగం కూడా మందగిస్తుంది. దాంతో లెక్కలోకి వచ్చే పదాల సంఖ్య పెరిగిపోతుంది. ఆ చిన్నవన్నీ కలిసి 1 అయి కూర్చుంటాయి.

సైన్ శ్రేణి ఇలాంటిది కాదు. కాదని మనకు నమ్మకం ఉంటే సరిపోదు, చూపించాలి. చూపించే పద్ధతి ఏమిటంటే, అనంత శ్రేణిని పూర్తిగా పక్కన పెట్టి, ఒక బహుపది దగ్గర ఆగిపోయి, వదిలేసినదంతా కలిపి ఎంతకు మించదో లెక్క కట్టడం. ఆ వదిలేసిన మొత్తాన్నే శేషం అంటారు.

శేషాన్ని పట్టించుకోవడం మన దేశానికి కొత్త కాదు. సంగమగ్రామ మాధవుడు 14వ శతాబ్దంలో కేరళలో ప్రారంభించిన పరంపరకు సైన్ శ్రేణి తెలుసు. π విలువకు వాళ్లు వాడిన శ్రేణి చాలా మందకొడిగా సాగుతుంది. అందుకని ఫలానా పదం దగ్గర ఆపితే ఎంత దిద్దుబాటు కలపాలో కూడా వాళ్లు చెప్పారు. యూరప్‌లో బ్రూక్ టేలర్ తన శ్రేణిని 1715లో ప్రచురించినప్పుడు శేషం సంగతి ఎత్తలేదు. దానికి వాడుకోవడానికి వీలైన రూపాన్ని లాగ్రాంజ్ 1797లో ఇచ్చాడు. నా దృష్టిలో టేలర్ సూత్రం నిజంగా పనిముట్టుగా మారింది అప్పుడే.

లాగ్రాంజ్ చెప్పింది ఇది. sin x ను నాలుగో ఘాతం వరకు బహుపదిగా రాసి ఆపితే, శేషం అయిదో అవకలజాన్ని x⁵/120 తో గుణించినంత ఉంటుంది. ఆ అవకలజాన్ని 0 కీ x కీ మధ్య ఎక్కడో ఉన్న c అనే బిందువు దగ్గర తీసుకోవాలి. సైన్‌కు x⁴ పదం లేదు కాబట్టి బహుపది x − x³/6 మాత్రమే. సైన్‌ను అయిదుసార్లు అవకలనం చేస్తే కొసైన్ వస్తుంది. అంటే:

sin x = x − x³/6 + (cos c)·x⁵/120

ఇందులో చుక్కలు లేవని గమనించండి. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన సమానత్వం. దీన్ని మన లెక్కలో పెడితే:

(x − sin x)/x³ = 1/6 − (cos c)·x²/120

c ఎక్కడుందో మనకు తెలియదు. x మారితే అదీ మారుతుంది. తెలుసుకోవలసిన అవసరమూ లేదు. c ఎక్కడున్నా కొసైన్ విలువ −1 కీ 1 కీ మధ్యనే ఉంటుంది. కాబట్టి మన భిన్నానికీ 1/6 కీ మధ్య తేడా x²/120 ని మించదు. x సున్నాకు వెళ్తే ఆ హద్దు కూడా సున్నాకు వెళ్తుంది. అవధి 1/6 అని నిరూపణ పూర్తయింది.

పైగా ఎంత దగ్గరగా వచ్చామో కూడా తెలిసింది. x = 0.1 దగ్గర తేడా 0.0000834 దాటకూడదు. సరిచూద్దాం. sin 0.1 = 0.0998334166. దాన్ని 0.1 లోంచి తీసేసి 0.001 తో భాగిస్తే 0.1665834 వస్తుంది. 1/6 అంటే 0.1666667. తేడా 0.0000833, హద్దు లోపలే ఉంది.

మరి ఇంకా చిన్న x పెట్టి కంప్యూటర్‌తోనే అవధి పట్టేయవచ్చు కదా అనిపిస్తుంది. x = 0.00000001 పెట్టి చూడండి. కంప్యూటర్లు మామూలుగా సంఖ్యలో 16 అంకెల వరకే పట్టుకుంటాయి. ఆ మేరకు sin x, x ఒకటే అయిపోతాయి. తీసివేతలో సున్నా మిగిలి, జవాబు సున్నా అని వస్తుంది. అక్కడ అసలు విలువ 1/6 కు ఎంతో దగ్గరగా ఉండాలని శేషం ముందే చెప్పింది కాబట్టి, తప్పు యంత్రం వైపుందని మనం గట్టిగా చెప్పగలం.

ఎక్కడ ఆపకూడదో చెప్పేది కూడా శేషమే. x చిన్నదైతే sin x దాదాపు x అనుకుని మొదటి పదంతోనే ఆపేస్తే భిన్నం 0/x³, అవధి సున్నా. ఇది తరచుగా జరిగే పొరపాటు. శేషాన్ని కూడా రాసి ఉంటే ఈ పొరపాటు దానంతట అదే బయటపడేది. మొదటి పదం తర్వాత శేషం −(cos c)·x³/6. దాన్ని x³ తో భాగిస్తే x మొత్తం కొట్టుకుపోయి −(cos c)/6 మిగులుతుంది. అది సున్నాకు పోయేది కాదు. హారంలో x³ ఉంటే శేషంలో x ఘాతం మూడు కంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే ఇంకో పదం ముందుకు వెళ్లాలి.

అన్ని ప్రమేయాలూ సైన్ అంత సౌకర్యంగా ఉండవు. (eˣ − 1 − x)/x² తీసుకోండి. ఇక్కడ x² పదం వరకు రాస్తే శేషం eᶜ·x³/6. eᶜ కు అన్నిచోట్లా చెల్లే హద్దు లేదు, x పెరిగితే అదీ పెరుగుతూ పోతుంది. అయితే మనకు కావలసింది సున్నా పరిసరాలు మాత్రమే. ముందుగానే x ను −1 కీ 1 కీ మధ్య బిగించేస్తే eᶜ విలువ 3 దాటదు. ఇక్కడి నుంచి కాగితం మీద మీరే కొనసాగించండి. అవధి 1/2 అనీ, తేడా |x|/2 ని మించదనీ రావాలి.