ఆవిరి పైపు నుంచి ఉష్ణనష్టం: సంవహనం, వికిరణం కలిపి లెక్కించడం

స్టేషన్ ఘన్‌పూర్, జనగామ ప్రాంతం వరి పండే నేల. ధాన్యాన్ని ఉప్పుడు బియ్యంగా మార్చే మిల్లుకు ఆవిరి కావాలి. ఆ ఆవిరి సాధారణంగా ఊకతో మండే బాయిలర్ నుంచి వస్తుంది. బాయిలర్‌కూ ధాన్యాన్ని ఉడికించే తొట్లకూ మధ్య ఒక ఇనుప పైపు ఉంటుంది. దానిపై కప్పు ఏమీ లేకపోతే లోపలి ఆవిరి కొంత దారిలోనే నీరుగా మారిపోతుంది. గంటకు ఎంత ఆవిరి ఇలా పోతుందో ఈ భాగంలో లెక్కిద్దాం.

1. రెండు దారులు

వేడి పైపు తన వేడిని గదికి రెండు విధాలుగా ఇస్తుంది. పైపును తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది, దాని స్థానంలోకి చల్లని గాలి వస్తుంది. ఇది సహజ సంవహనం. అదే సమయంలో పైపు ఉపరితలం చుట్టూ ఉన్న గోడలకు, కప్పుకు వికిరణం పంపుతుంది. ఇందుకు గాలి అవసరం లేదు. రెండూ ఒకే ఉపరితలం నుంచి ఏకకాలంలో జరుగుతాయి కాబట్టి మొత్తం నష్టం ఆ రెండింటి మొత్తమే.

చిక్కు ఏమిటంటే, సంవహన సూత్రంలో ఉష్ణోగ్రతల భేదం ఉంటుంది, వికిరణ సూత్రంలో నాలుగో ఘాతాల భేదం ఉంటుంది:

```
q_c = h_c (Ts − Ta)
q_r = ε σ (Ts⁴ − Tw⁴)
```

ఇక్కడ `Ts` పైపు ఉపరితల ఉష్ణోగ్రత, `Ta` గాలి ఉష్ణోగ్రత, `Tw` గోడల ఉష్ణోగ్రత, `ε` ఉపరితల ఉద్గారత, `σ = 5.67 × 10⁻⁸ W/m²K⁴`. `q` చదరపు మీటరుకు పోయే ఉష్ణం. పైపుతో పోలిస్తే గది చాలా పెద్దది కాబట్టి గోడల ఉద్గారత ఈ లెక్కలోకి రాదు.

2. రేఖీయ వికిరణ గుణకం

నాలుగో ఘాతాల భేదాన్ని కారణాంకాలుగా విడదీయండి:

```
Ts⁴ − Tw⁴ = (Ts² + Tw²)(Ts + Tw)(Ts − Tw)
h_r = ε σ (Ts² + Tw²)(Ts + Tw)
q_r = h_r (Ts − Tw)
```

ఇప్పుడు వికిరణం కూడా సంవహనం రూపంలోకే వచ్చింది. `h_r`ను రేఖీయ వికిరణ గుణకం అంటారు. పేరు చూసి ఇది ఉజ్జాయింపు అనుకోకండి. మనం చేసినది కారణాంక విభజన మాత్రమే, ఏ పదాన్నీ వదిలిపెట్టలేదు. కాని `h_r` స్థిరాంకం కాదు. ఉష్ణోగ్రతలు మారితే అదీ మారుతుంది.

గాలి, గోడలు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే రెండు గుణకాలను కూడవచ్చు:

```
q = (h_c + h_r)(Ts − Ta)
```

3. సాధించిన ఉదాహరణ

మిల్లు గదిలో అడ్డంగా 20 మీటర్ల కప్పులేని పైపు ఉందనుకోండి. దాని బయటి వ్యాసం 89 మి.మీ. లోపల 147°C సంతృప్త ఆవిరి ఉంది, అంటే గేజి పీడనం సుమారు 3.4 బార్. ఆవిరి నీరుగా మారేటప్పుడు పైపు లోపలి గోడకు వేడిని చాలా సులభంగా ఇస్తుంది, ఇనుము కూడా మంచి వాహకం. అందువల్ల బయటి ఉపరితలాన్నీ 147°C గానే తీసుకోవచ్చు. వేసవి పగటిపూట గది గాలి, గోడలు 37°C. తుప్పు పట్టిన ఇనుముకు ఉద్గారత 0.8 అనుకుందాం.

మొదటి మెట్టు: ఉష్ణోగ్రతలను కెల్విన్‌లలోకి మార్చండి. `Ts = 420 K`, `Tw = Ta = 310 K`.

రెండో మెట్టు: వికిరణ గుణకం.

```
h_r = 0.8 × 5.67×10⁻⁸ × (420² + 310²) × (420 + 310)
    = 9.02 W/m²K
```

మూడో మెట్టు: సంవహన గుణకం. నిశ్చలమైన గదిలో, గాలిలో ఉన్న అడ్డపు పైపుకు ఈ సరళ సూత్రం సరిపోతుంది. ఇందులో వ్యాసం మీటర్లలో ఉండాలి.

```
h_c = 1.32 (ΔT / D)^0.25
    = 1.32 (110 / 0.089)^0.25 = 7.83 W/m²K
```

నాలుగో మెట్టు: మొత్తం నష్టం. ఒక మీటరు పైపు ఉపరితల వైశాల్యం `π × 0.089 = 0.2796 m²`.

```
Q = (7.83 + 9.02) × 0.2796 × 110 = 518 W (మీటరుకు)
```

20 మీటర్లకు ఇది సుమారు 10.4 కిలోవాట్లు. ఈ ఉష్ణోగ్రత వద్ద ఆవిరి గుప్తోష్ణం కిలోకు సుమారు 2,120 కిలోజౌళ్లు. కాబట్టి గంటకు దాదాపు 17.6 కిలోల ఆవిరి తొట్టిని చేరకముందే నీరవుతోంది.

ఫలితంలో వికిరణం వాటా గమనించండి. 16.85లో 9.02, అంటే సగానికి మించి. పైపు ఎర్రగా మెరవడం లేదు కదా అని వికిరణాన్ని వదిలేసిన విద్యార్థికి నిజమైన నష్టంలో సగం కూడా రాదు.

4. ఉపరితలం మారితే

అదే పైపుకు అల్యూమినియం రంగు వేసి ఉద్గారతను 0.4కు తగ్గించామనుకోండి. `h_r` సగమై 4.51 అవుతుంది, `h_c` మారదు. నష్టం మీటరుకు 518 నుంచి సుమారు 380 వాట్లకు దిగుతుంది. కాని మిల్లులో ఊక ధూళి పైపుపై పేరుకుంటే ఉద్గారత మళ్లీ పెరుగుతుంది, రంగు వల్ల వచ్చిన లాభం తగ్గిపోతుంది.

పైపుకు ఉష్ణబంధకం చుట్టితే ఉపరితలమే చల్లబడుతుంది. అది 57°C వద్ద ఉండి, ఉద్గారత 0.8 అయితే, `h_r` విలువ 5.95 మాత్రమే. పాత 9.02ను ఇక్కడ వాడకూడదు. ఉపరితల ఉష్ణోగ్రత ముందుగా తెలియనప్పుడు ఒక విలువను ఊహించి `h_r`, `h_c` కనుక్కోండి. వాటితో కొత్త ఉష్ణోగ్రత లెక్కించి, విలువ స్థిరపడేదాకా మళ్లీ చేయండి.

5. ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

తరచుగా కనిపించే పొరపాటు సెల్సియస్ విలువలనే `h_r` సూత్రంలో వేయడం. `Ts − Tw` భేదం రెండు మానాల్లోనూ ఒకటే కాబట్టి ఈ అలవాటు సంవహనంలో హాని చేయదు. వికిరణంలో మాత్రం పై ఉదాహరణకు 9.02 బదులు 0.19 వస్తుంది. ఉద్గారత 0.8 ఉన్న ఉపరితలానికి, ఇలాంటి ఉష్ణోగ్రతల్లో, `h_r` ఒకటి కన్నా తక్కువ వస్తే వెంటనే అనుమానించండి. సరిచూసుకోవడానికి ఒక సులభ మార్గం ఉంది. సగటు ఉష్ణోగ్రత `Tm = 365 K` తీసుకుంటే `4εσTm³ = 8.82` వస్తుంది. ఇది ఉజ్జాయింపే అయినా అసలు విలువకు రెండు శాతం దగ్గరలో ఉంది.

రెండో పొరపాటు, గాలి, గోడల ఉష్ణోగ్రతలు వేరుగా ఉన్నప్పుడు కూడా గుణకాలను కూడటం. మిల్లు రేకుల కప్పు ఎండకు కాలి, పరిసరాల సగటు ఉష్ణోగ్రత 57°C అయిందనుకోండి. గాలి 37°C గానే ఉంది. అప్పుడు రెండు నష్టాలనూ విడివిడిగా లెక్కించి చివర్లో కలపాలి. అలా చేస్తే మీటరుకు 518 బదులు సుమారు 485 వాట్లు వస్తాయి. ఇక తలుపుల గుండా గాలి వీస్తుంటే `h_c` సూత్రమే మార్చాలి, `h_r` మాత్రం చెల్లుతుంది.

లెక్కను మిల్లులోనే పరీక్షించవచ్చు. తొట్టి వైపు వాల్వు మూసి, పైపు చివరి ఆవిరి ట్రాప్ నుంచి గంటసేపు వచ్చే నీటిని పట్టి తూచాలి. వేడినీరు బయటికి రాగానే దాదాపు పదో వంతు ఆవిరై పోతుంది. అందుకని ముందే తూచిన చన్నీటి బకెట్‌లోకి దాన్ని వదలాలి. లెక్క కన్నా చాలా ఎక్కువ వస్తే ట్రాప్ ఆవిరినే వదిలేస్తోందేమో, పైపుపై నీరు పడుతోందేమో చూడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

అదే కప్పులేని పైపుకు, చలికాలపు రాత్రి గాలి, గోడలు 17°C వద్ద ఉంటే మీటరుకు నష్టం ఎంత? `h_r` తగ్గినా నష్టం ఎందుకు పెరిగింది?

జవాబు: `h_r = 8.39`, `h_c = 8.16`, నష్టం సుమారు 602 వాట్లు. చుట్టుపక్కల ఉష్ణోగ్రత తగ్గడంతో `h_r` కొద్దిగా తగ్గింది. కాని ఉష్ణోగ్రతా భేదం 110 నుంచి 130కి పెరిగింది, దాంతో `h_c` కూడా కొంత పెరిగింది.