ఒకే ఫోటో, నాలుగు కొలతలు

చెరువు గట్టున ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన ఫోటో ఒకటి ఉందనుకుందాం. ఎడమ అంచున రావిచెట్టు, కుడివైపు నీళ్లలో తెప్ప, పైన బోలెడు ఆకాశం. ఓ కథల సంపుటికి అదే ముఖచిత్రం. ఆవిష్కరణ సభ పోస్టర్, వేదిక వెనక ఫ్లెక్సీ, రచయిత ఫోన్‌లో వాల్‌పేపర్ కూడా దానితోనే చేయాలి. 12 మెగాపిక్సెల్ ఫోటో గనక వెడల్పులో 3000, ఎత్తులో 4000 పిక్సెల్స్ ఉంటాయి. ఏ పనికైనా చూసుకోవాల్సినవి రెండే. ఆ ఆకారంలో ఇమడాలంటే ఎంత కోసేయాలి? మిగిలిన పిక్సెల్స్ ఆ సైజుకు చాలతాయా? మొదటిది ఆస్పెక్ట్ రేషియో లెక్క, రెండోది రిజల్యూషన్ లెక్క. అందరూ బెంగపడేది రెండోదాని గురించి. నన్నడిగితే పని ఎక్కువగా చెడేది మొదటిదాని దగ్గరే.

వాల్‌పేపరే చూడండి. ఇప్పటి చాలా ఫోన్ల తెర 1080 x 2400, అంటే 9:20. మన ఫోటో 3:4. ఎత్తు మొత్తం ఉంచితే వెడల్పులో 1800 పిక్సెల్స్ మాత్రమే పడతాయి, మిగతా 1200 పోతాయి. పిక్సెల్స్‌కు కొదవ లేదు కానీ రావిచెట్టో తెప్పో, ఏదో ఒకటి వదులుకోవాలి. పైభాగంలో గడియారం వస్తుంది కాబట్టి అక్కడ ఆకాశం ఉండడం మంచిదే.

ఫ్లెక్సీ దగ్గరకొస్తే భయం ఎక్కువ. పది అడుగుల బ్యానర్‌కు ఈ ఫోన్ ఫోటో ఏం చాలుతుందని అనుమానం. అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండాలన్న మాట అందరూ వినే ఉంటారు. ఆ 300 ఎక్కడినుంచి వచ్చింది? చూపు బాగున్న కన్ను, డిగ్రీలో 60వ వంతు కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూడలేదు. పుస్తకాన్ని అడుగు దూరంలో పట్టుకుంటే ఆ హద్దు అంగుళానికి సుమారు 286 చుక్కలు. అదే 300 అయింది. దూరం పెరిగితే అవసరం ఆ మేరకు తగ్గుతుంది. 15 అడుగుల అవతల కూర్చున్న ప్రేక్షకుడికి 19 చాలు. 10 x 4 అడుగుల ఫ్లెక్సీని 300 లెక్కన తయారుచేస్తే 36,000 x 14,400 పిక్సెల్స్ అవుతుంది. డీటీపీ కంప్యూటర్ మొరాయించడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మరి మన ఫోటోను ఆ వెడల్పంతా పరిస్తే? అంగుళానికి 25 పిక్సెల్స్ వస్తాయి, చాలు. చిక్కు ఆకారంతోనే. 5:2 పట్టీ కోసం 4000 ఎత్తులో 1200 మాత్రమే మిగులుతాయి. చెట్టు తల, ఆకాశం ఎగిరిపోయి, మొదలూ నీళ్లూ మిగులుతాయి. కొందరు ఫోటోను అడ్డంగా సాగదీస్తారు, తెప్ప కాస్తా పంటు అవుతుంది! అంతకన్నా ఫోటోను ఒక పక్కన 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తులో పెట్టండి. అది అచ్చంగా 3:4, ఒక్క పిక్సెల్ కూడా కోయక్కర్లేదు. మిగతా 7 అడుగుల్లో ఆకాశం రంగే పులిమి అక్షరాలు వేయొచ్చు. అక్షరాలను ఫోటోలో కలిపేయకుండా ఫాంట్‌గానే ఉంచితే ఎంత పెద్దవైనా అంచులు చెదరవు.

ముఖచిత్రం ఫ్లెక్సీ కంటే ఎంతో చిన్నదే అయినా చేతిలో పట్టుకుని చూసేది. అందుకే లెక్క గట్టిగా ఉంటుంది. డెమ్మీ 1/8 సైజు 5.5 x 8.5 అంగుళాలు. కటింగ్‌లో తెల్లగీత కనబడకుండా పైనా కిందా, తెరిచే అంచువైపూ అంగుళంలో ఎనిమిదో వంతు అదనంగా వదలాలి. ప్రెస్‌లో దీన్నే బ్లీడ్ అంటారు. అప్పుడు ఎత్తు 8.75 అంగుళాలు. 4000ను దానితో భాగిస్తే 457, కావలసినదానికంటే ఎక్కువే. వెడల్పులో ఏడో వంతు పోతుంది, అది సర్దుకోవచ్చు.

అయితే అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కు కుదించుకుపోతుంది. అప్పుడు అంగుళానికి వచ్చేది 183. కంప్యూటర్ తెర మీద బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అచ్చయ్యాకే రావి ఆకులు ముద్దగా తేలతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఈ తిప్పలు ఉండవు.

ఫోటోషాప్‌లో ఇమేజ్ సైజు తెరిచి రిజల్యూషన్ దగ్గర 300 అని కొట్టినంత మాత్రాన పోయిన వివరాలు తిరిగిరావు. Resample అన్నచోట టిక్ తీసేసి 300 వేయండి. ఆ ఫోటో నిజంగా ఎన్ని అంగుళాలకు చాలుతుందో వెడల్పు, ఎత్తు గడుల్లో కనిపిస్తుంది. 1600 పిక్సెల్స్ ఫోటోకు ఎత్తు 5.33 అంగుళాలే అని చూపిస్తే అది ముఖచిత్రానికి పనికిరాదన్నమాట.

పోస్టర్ 12 x 18 అంగుళాలు వేస్తే 2:3 ఆకారం, అంగుళానికి 222 పిక్సెల్స్. గోడమీద రెండు మూడు అడుగుల దూరం నుంచి చదివేదానికి 150 ఉన్నా ఫరవాలేదు. కానీ దాన్ని చిన్నది చేసి కరపత్రంగా కూడా పంచుతామంటే సన్నక్షరాల సంగతి ముందే చూసుకోవాలి. పోస్టర్‌లో ఇంపుగా ఉన్న తేదీ, సమయం, వేదిక వివరాలు సగం సైజుకు తగ్గేసరికి చదవలేనంత సన్నబడతాయి.