రిక్వెస్టులు ఆగిపోయాయా? ముందు పెండింగ్ లిస్టు తెరవండి

ప్లేస్‌మెంట్ల టైంలో లింక్డ్‌ఇన్‌లో వరసపెట్టి రిక్వెస్టులు కొడుతుంటే, ఈ వారం పరిమితి అయిపోయిందంటూ మెసేజ్ వస్తుంది. ఎక్కువ పంపినందుకే అని మనం అనుకుంటాం. అది సగం కారణమే. 2021 నుంచి వారానికి ఒక పరిమితి ఉంది. ఆ అంకెను కంపెనీ చెప్పదు గానీ, సుమారు వంద అని వాడేవాళ్ల అంచనా. మిగతా సగం అవతలివాళ్ల చేతిలో ఉంటుంది. మన రిక్వెస్టును Ignore చేసినవాళ్లు I don't know this person అని కూడా చెప్పొచ్చు. అలాంటివీ, జవాబు లేకుండా పడి ఉన్నవీ పెరిగితే మనల్ని స్పామర్ లెక్కలో వేస్తుంది.

తిరుమలగిరి నుంచి సూర్యాపేట కాలేజీకి రోజూ బస్సులో వచ్చే ఒక ఫైనలియర్ అమ్మాయి ఉందనుకుందాం. హైదరాబాద్ కంపెనీల హెచ్‌ఆర్‌లకు రెండు రాత్రుల్లో 120 రిక్వెస్టులు పంపింది. 14 మంది ఒప్పుకున్నారు. 106 అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆమె ఏం చేయాలి?

మొదటిది, ఆగాలి. ఈ ఆంక్ష మామూలుగా వారంలో దానంతటదే పోతుంది. సపోర్ట్‌కు రాసినా ముందే తీయరు. రెండో అకౌంట్ తెరవడం, ఆటోమేటిక్‌గా పంపే ఎక్స్‌టెన్షన్ పెట్టడం రెండూ రూల్స్‌కు విరుద్ధం. అలా చేస్తే అసలు అకౌంటే పోవచ్చు.

రెండోది, My Network లో Manage, అందులో Sent తెరిచి, ఏ పరిచయమూ లేనివాళ్లకు పంపినవి Withdraw చేయాలి. దీంతో ఆంక్ష వెంటనే పోదు, పెండింగ్ కుప్ప మాత్రం తగ్గుతుంది. ఒకసారి వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మూడు వారాల దాకా మళ్లీ పంపలేం. అందుకే తెలిసిన సీనియర్ల పేర్లు ముట్టుకోవద్దు.

మూడోది, వారం తర్వాత కాలేజీ పేజీలో Alumni నొక్కి మన బ్రాంచి సీనియర్లను వెతకాలి. రోజుకు నలుగురైదుగురు చాలు. ఫ్రీ అకౌంట్‌కు నెలలో కొన్ని నోట్లే రాయనిస్తుంది, అదీ 200 అక్షరాల లోపే. కాబట్టి నోటులో అడిగేది ఒక్కటే ఉండాలి: "అక్కా, నేను మన కాలేజీ ఈసీఈ ఫైనలియర్. మీరు చేస్తున్న టెస్టింగ్ జాబ్‌కు ఏ ప్రాజెక్టు పనికొస్తుందో చెప్తారా?" హెచ్‌ఆర్‌లకైతే Connect వద్దు, Follow చాలు. దానికి వాళ్ల ఒప్పుకోలు అక్కర్లేదు, పెండింగ్‌లోనూ చేరదు.

దారిలో పడ్డామో లేదో Sent లిస్టే చెప్తుంది. పదిమందికి పంపితే వారంలో ఆరేడుగురు ఒప్పుకున్నారా, అలాగే సాగండి. ఇద్దరే ఒప్పుకుంటే కొత్తవి ఆపి, ఎవరికి పంపుతున్నామో మళ్లీ చూసుకోండి.

ఒక తేడా గుర్తుంచుకోండి. అసలు లాగిన్ కూడా కాకుండా ఐడీ అడిగితే అది వేరే ఆంక్ష. వారం ఆగితే పోదు. ప్రొఫైల్‌లో ఉన్న పేరే ఉన్న గుర్తింపు కార్డును, ఆ స్క్రీన్ చూపించిన చోటే ఇవ్వాలి.