రిజిస్ట్రేషన్ అయినా దక్కని పొలం

భూమి లేని పేదలు సాగు చేసుకు బతకాలని ప్రభుత్వం ఇచ్చే డి-పట్టా భూమిని వారసులు అనుభవించవచ్చు, కానీ అమ్మకూడదన్నది షరతు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం అలాంటి అమ్మకం చెల్లదు. రిజిస్టరైన దస్తావేజు ఉన్నా కొన్నవారికి హక్కు రాదు. తహసీల్దారు ఆ భూమిని స్వాధీనం చేసుకుని, మొదటి లబ్ధిదారుకో వారసులకో తిరిగి ఇప్పించవచ్చు.

కోస్తాలో ఒకరు రెండెకరాలు కొనబోతున్నారనుకుందాం. అడంగల్‌లో, 1-బీలో అమ్మే రైతు పేరే ఉంది. ఈసీలోనూ చిక్కేమీ కనబడదు, ఎందుకంటే డి-పట్టా తహసీల్దారు కార్యాలయంలో పుడుతుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాదు. అసలు గుట్టు పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో ఉంటుంది. అక్కడ ఆ సర్వే నంబరు ‘ప్రభుత్వ బంజరు’ అని ఉంటే, అది ఈ కుటుంబానికి ఎలా వచ్చిందో తేలాలి. అసైన్‌మెంట్ రిజిస్టరులో పట్టా తేదీ, షరతులు చూడాలి. ఆంధ్ర ప్రాంతంలో అమ్మరాదన్న షరతు 1954 జూన్‌లో వచ్చింది కాబట్టి తేదీ కీలకం. 22-ఏ నిషేధిత జాబితానూ సరిచూడాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన కొన్ని పట్టాలకు అమ్ముకునే వీలిచ్చింది. అది మీరు చూసిన సర్వే నంబరుకు వర్తిస్తుందని రాతపూర్వకంగా తెలిసేదాకా బయానా ఇవ్వకండి.