మూడో నిమిషం దగ్గరి మలుపు

ఖాళీ డ్రమ్ములోకి ఒక కుళాయి నిమిషానికి 4 లీటర్ల చొప్పున నీళ్లు వదులుతోంది. సరిగ్గా మూడు నిమిషాలు నిండగానే రెండో కుళాయి కూడా తెరుచుకుంది. అప్పటి నుంచి నిమిషానికి 10 లీటర్లు పడుతున్నాయి. అయిదు నిమిషాలకు డ్రమ్ములో ఎన్ని నీళ్లుంటాయి? మొదటి మూడు నిమిషాలకు 12, తర్వాతి రెండు నిమిషాలకు 20, మొత్తం 32 లీటర్లు.

ఈ చిన్న లెక్కలోనే కలన గణితంలో చాలామంది ఒకటిగా భావించే రెండు విషయాలు విడిపోతాయి. ఇంటర్లో సమాకలనం నేర్చుకున్నవారికి అది అవకలనానికి తిరుగు దారి అన్న మాట గుర్తుండిపోతుంది. నిజానికి అక్కడ రెండు ప్రశ్నలున్నాయి. రేటు తెలిస్తే మొత్తం ఎంత అన్నది మొదటిది. దాని జవాబు నిశ్చిత సమాకలని. ప్రతి క్షణంలోనూ వాలు సరిగ్గా ఆ రేటుకే సమానంగా ఉండే ప్రమేయం ఏదైనా ఉందా అన్నది రెండోది. అలాంటి ప్రమేయాన్ని ప్రతి అవకలజం అంటారు.

మొదటి ప్రశ్నకు మన డ్రమ్ము ఇబ్బంది పెట్టదు. 1854లో జర్మన్ గణితవేత్త రీమాన్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం కాలాన్ని సన్నని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో రేటు ఎంత తక్కువగా ఉండొచ్చో, ఎంత ఎక్కువగా ఉండొచ్చో చూస్తాం. రేటు మారని ముక్కల్లో ఆ రెండింటికీ తేడా లేదు. 4 నుంచి 10కి గెంతిన ముక్క ఒక్కటే అనుమానం. దాని వెడల్పు 0.01 నిమిషం అయితే మొత్తంలో తేడా 6 × 0.01, అంటే 0.06 లీటరు. ముక్కను ఇంకా సన్నం చేస్తే ఆ తేడా మనం కోరినంత చిన్నదవుతుంది. సరిగ్గా మూడో నిమిషపు క్షణాన రేటు 4 అనుకున్నా 10 అనుకున్నా 32 లీటర్లు మారవు.

ఇక రెండో ప్రశ్న. t నిమిషాలకు చేరిన నీళ్లను F(t) అందాం. మూడో నిమిషం వరకు F(t) = 4t, ఆ తర్వాత F(t) = 10t − 18. రెండూ t = 3 దగ్గర 12 ఇస్తాయి కాబట్టి గీత తెగదు, కానీ అక్కడ విరుగుతుంది. 2.9 నుంచి 3 వరకు నీళ్లు 0.4 లీటరు పెరిగాయి, వాలు 4. 3 నుంచి 3.1 వరకు 1 లీటరు పెరిగాయి, వాలు 10. కాలవ్యవధిని ఎంత తగ్గించినా ఎడమ వాలు 4, కుడి వాలు 10గానే ఉంటాయి. కనుక ఆ క్షణంలో F కి అవకలజం లేదు.

F కాకపోతే మరో ప్రమేయం పనికి రావచ్చు కదా? రాదు. 1875లో ఫ్రాన్స్‌కు చెందిన డార్బూ అవకలజాలకు ఉన్న ఒక గుణాన్ని నిరూపించాడు: అవి నడుమ విలువలను దాటవేయలేవు. G అనే ప్రతి అవకలజం ఉందనుకుందాం. H(t) = G(t) − 7t తీసుకుంటే రెండో నిమిషం దగ్గర దాని వాలు −3, నాలుగో నిమిషం దగ్గర +3. అంటే H మొదట దిగుతోంది, చివర ఎక్కుతోంది. కాబట్టి మధ్యలో ఎక్కడో అడుగు తాకాలి. అక్కడ H వాలు సున్నా, అంటే G వాలు 7. కానీ మన రేటు ఏ క్షణంలోనూ 7 కాదు. అందువల్ల G ఉండే వీల్లేదు.

తిరుగు దారి అన్న మాట అబద్ధం కాదు, దానికో షరతుంది. రేటు అవిచ్ఛిన్నమైతే, అంటే గెంతులూ తెగింపులూ లేకపోతే, F వాలు ప్రతి చోటా రేటుకు సమానమవుతుంది. కలన గణిత మూల సిద్ధాంతం చెప్పేది అదే. గెంతు ఉన్నప్పుడు ఆ సంగతి మరిచి, మొదట 4t, తర్వాత 10t అని విడివిడిగా రాసుకుని 10 × 5 నుంచి 4 × 0 తీసేస్తే 50 లీటర్లు వస్తుంది. మూడో నిమిషం దగ్గర 12ను 30గా ఎగరేసిన 18 లీటర్ల తప్పు అది. మూడో నిమిషం దగ్గర రెండు గీతలూ కలుస్తున్నాయా అని చూస్తే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది.

ఎడబాటు రెండో వైపు నుంచీ ఉంది. 1881లో ఇటలీకి చెందిన వోల్టెరా ప్రతి చోటా అవకలజం ఉన్న ఒక ప్రమేయాన్ని కట్టాడు. ఆ అవకలజం హద్దుల్లోనే ఉంటుంది, అయినా రీమాన్ పద్ధతిలో దాన్ని సమాకలనం చేయలేం. అంటే ఈ రెండు గుణాల్లో ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉంటుందనలేం.

మొత్తం లెక్కకు ఒక్క క్షణం లెక్కలోకి రాదు. వాలు లెక్కకు ఆ ఒక్క క్షణమే అడ్డం పడుతుంది. మూడో నిమిషం దగ్గర డ్రమ్ములో నీళ్లు 12 లీటర్లని ఖాయంగా చెప్పగలం. ఆ క్షణాన అవి ఏ రేటున పెరుగుతున్నాయో చెప్పే ఒకే సంఖ్య మాత్రం లేదు.