యాభై కాలమ్‌లు, ఒక్క సంబంధమూ లేదు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో గణాంకశాస్త్రం బోధించిన డేవిడ్ ఫ్రీడ్‌మన్ 1983లో ఒక చిన్న ప్రయోగాన్ని ప్రచురించారు. 100 వరుసలు, 51 కాలమ్‌లు ఉన్న పట్టికను ఆయన కంప్యూటర్‌తో తయారు చేయించారు. ప్రతి గడిలోనూ గాలివాటంగా పడిన అంకే. ఏ కాలమ్‌కీ మరో కాలమ్‌తో సంబంధం ఉండకుండా ముందే చూసుకున్నారు. చివరి కాలమ్‌ను ఫలితంగా తీసుకుని, మిగతా 50 కాలమ్‌లతో దాన్ని అంచనా వేసే రిగ్రెషన్ సమీకరణం కట్టారు. అనుకున్నట్టే అందులో ఏమీ దొరకలేదు. 50లో ఒక్కటి మాత్రం 5 శాతం గీత దాటింది. అంతమాత్రం యాదృచ్ఛికంగా రావడం మామూలే.

తర్వాత ఆయన చాలామంది పరిశోధకులు చేసే పనే చేశారు. పీ-వాల్యూ 0.25 లోపు ఉన్న 15 కాలమ్‌లను ఉంచి, మిగతా 35ను తీసేసి, మళ్లీ సమీకరణం కట్టారు. ఈసారి 15లో 6 కాలమ్‌లు 5 శాతం గీత దాటాయి. మొత్తం సమీకరణం పీ-వాల్యూ మొదట 0.53 ఉండగా ఇప్పుడు 0.0005కు పడిపోయింది. ఫలితంలోని హెచ్చుతగ్గుల్లో 36 శాతాన్ని ఈ కాలమ్‌లే వివరిస్తున్నాయని లెక్క చెప్పింది. అసలు అక్కడ వివరించడానికే ఏమీ లేదు.

స్టెప్‌వైజ్ పద్ధతికి ఇది సరళమైన రూపం. ఫలితంతో బాగా కలిసే వేరియబుల్‌ను ముందు లోపలికి తీసుకోవడం, తర్వాత ఇంకొకటి చేర్చడం, బలహీనపడినదాన్ని బయటికి పంపడం, గీత దాటేవి ఇక లేవన్నప్పుడు ఆగడం: సాఫ్ట్‌వేర్ ఇదంతా తనంతట తానే చేసేస్తుంది. వైద్య విద్యార్థుల థీసిస్‌లలో దీనికి ఇంకో రూపం కనిపిస్తుంది. ముందు ఒక్కో వేరియబుల్‌ను విడిగా పరీక్షించి, 'సిగ్నిఫికెంట్' అయినవాటినే చివరి సమీకరణంలోకి తీసుకుంటారు. రెండింటిలోనూ జబ్బు ఒకటే.

పీ-వాల్యూ ఒక వాగ్దానం మీద నిలబడుతుంది. ఏ వేరియబుల్‌ను పరీక్షించాలో డేటా చూడకముందే నిర్ణయించుకున్నామన్నదే ఆ వాగ్దానం. స్టెప్‌వైజ్‌లో 50 మందిని పరిగెత్తించి, ముందొచ్చినవాణ్ని చూపించి, ఇతనొక్కడే పరిగెత్తినట్టు లెక్క రాస్తున్నాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 50 పనికిరాని వేరియబుల్స్‌ను విడివిడిగా పరీక్షిస్తే, కనీసం ఒక్కటైనా 5 శాతం గీత దాటే అవకాశం 92 శాతం. సాఫ్ట్‌వేర్ అచ్చువేసే చివరి పట్టికలో ఓడిపోయిన 49 గురించి ఒక్క ముక్క ఉండదు. పీ-వాల్యూ బదులు ఏఐసీ వాడుతున్నాం కాబట్టి మాకు ఇబ్బంది లేదని కొందరంటారు. ఆర్ భాషలోని `step()` మామూలుగా వాడేది ఏఐసీనే. కానీ ఒక్కో వేరియబుల్‌ను ఉంచాలా తీయాలా అన్నప్పుడు, ఏఐసీ అంటే సుమారుగా 0.157 దగ్గర గీసిన పీ-వాల్యూ గీతే. గీత జరిగిందే తప్ప పోటీ మారలేదు.

నిజంగా పనిచేసే వేరియబుల్స్‌కూ ఈ పద్ధతి అన్యాయం చేస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఒక అలవాటు వల్ల రక్తపోటు నిజంగా 2 పాయింట్లు పెరుగుతుందని అనుకుందాం. మన అధ్యయనం చిన్నది, అంచనాలో ప్రామాణిక దోషం 1.5. అప్పుడు గీత దాటాలంటే అంచనా దాదాపు 3 రావాలి. అంటే అసలు విలువ 2 దగ్గరే సరిగ్గా వచ్చిన అధ్యయనంలో ఆ వేరియబుల్ ఎగిరిపోతుంది. అదృష్టవశాత్తు 3, 4 అని పెరిగి వచ్చిన అధ్యయనంలోనే మిగులుతుంది. మిగిలిన ప్రతిసారీ అతిశయోక్తే అచ్చవుతుంది. దాని చుట్టూ ఇచ్చే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ కూడా ఉండాల్సినదానికంటే ఇరుకుగా ఉంటుంది, ఎందుకంటే ఎంపికలోని అనిశ్చితిని అది లెక్కలోకి తీసుకోదు.

ఎంపిక ఎంత నిలకడ లేనిదో పీటర్ ఆస్టిన్, జాక్ టూ 2004లో చూపించారు. కెనడాలోని ఒంటారియోలో గుండెపోటు వచ్చిన 4,911 మంది రోగుల వివరాలు, మరణాన్ని అంచనా వేయడానికి 29 వేరియబుల్స్ వాళ్ల దగ్గర ఉన్నాయి. ఆ రోగుల నుంచే చీట్లు తీసినట్టు, తీసిన చీటీని మళ్లీ పెట్టెలో వేస్తూ, 1,000 కొత్త నమూనాలు చేశారు. దీన్నే బూట్‌స్ట్రాప్ అంటారు. ప్రతి నమూనా మీదా ఒకే ఎంపిక పద్ధతిని నడిపితే 940 వేర్వేరు సమీకరణాలు వచ్చాయి. ప్రతిసారీ నిలిచినవి మూడే మూడు వేరియబుల్స్. 29లో సగానికి పైగా, సగం నమూనాల్లో కూడా ఎంపిక కాలేదు. దాదాపు ఐదు వేల మంది రోగులున్న చోటే ఇలా ఉంటే, 120 మందితో చేసే థీసిస్ సంగతి ఊహించుకోవచ్చు. నడుము కొలత, బరువు లాంటి జంటలున్నప్పుడు ఇది మరీ ఎక్కువ. నలుగురు రోగులు మారితే చాలు, ఒకటి లోపలికి వచ్చి రెండోది బయటికి పోతుంది. ఆ మీదట రెండోదానికి జబ్బుతో సంబంధం లేదని వ్యాసంలో రాసేస్తారు.

మరి ఏం చేయాలి? ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఆసుపత్రిలో చేరిన 600 మంది గుండె రోగులు, వాళ్లలో 60 మరణాలు, చేతిలో 23 కాలమ్‌లు. మొదట లెక్కపెట్టాల్సింది రోగులను కాదు, మరణాలను. ఒక్కో వేరియబుల్‌కు 10 నుంచి 15 మరణాలైనా ఉండాలని వాడుకలో ఒక మోటు లెక్క ఉంది. ఆ ప్రకారం మనం మోయగలిగేది 4 నుంచి 6 వేరియబుల్స్. ఆ కోత మరణాల కాలమ్‌ను మూసిపెట్టి కోయాలి. సగం గడులు ఖాళీగా ఉన్న కాలమ్ పోతుంది. అందరికీ ఒకే జవాబు వచ్చిన కాలమ్ పోతుంది. ఎత్తు, బరువు కలిసి ఒక్క బీఎంఐ అవుతాయి. ఆ తర్వాత వైద్యుణ్ని కూర్చోబెట్టి, ఈ జబ్బులో ప్రాణాపాయాన్ని నిర్ణయించేవేమిటో అడగాలి. వయసు, చేరినప్పటి రక్తపోటు, క్రియాటినిన్, మధుమేహం, గతంలో గుండెపోటు అని ఐదు తేలాయనుకుందాం. ఐదింటినీ సమీకరణంలో పెట్టి, ఇక తీయకుండా వదిలేయాలి.

వైద్యుడు పది కావాలంటే? అప్పుడు గుణకాలను కుదించే పద్ధతులున్నాయి. 1970లో హోర్ల్, కెనార్డ్ ప్రతిపాదించిన రిడ్జ్ ఎవరినీ బయటికి పంపదు, అందరి గొంతూ కాస్త తగ్గిస్తుంది. అంచనాల్లోని అతిశయోక్తికి అది సరైన మందు. 1996లో రాబర్ట్ టిబ్షిరానీ ఇచ్చిన లాసో కొన్ని గుణకాలను పూర్తిగా సున్నా చేస్తుంది కాబట్టి ఎంపిక కూడా జరిగిపోతుంది. అంచనా వేయడంలో ఇది తరచుగా స్టెప్‌వైజ్ కంటే మేలే. కానీ లాసో ఉంచినవే అసలు కారణాలని నమ్మకూడదు. నడుము కొలత, బరువు లాంటి జంటలో ఒకదాన్ని అదీ గుడ్డిగానే పట్టుకుంటుంది. చిన్న డేటాలో దాని జాబితా కూడా ఊగుతుంది.

ఏ దారి పట్టినా పరీక్ష ఒకటే: బూట్‌స్ట్రాప్ నమూనాల మీద మొత్తం పనిని మొదటి మెట్టు నుంచి మళ్లీ చేయడం. చివరి సమీకరణాన్ని మాత్రమే పరీక్షిస్తే ఫ్రీడ్‌మన్ ఉచ్చులో మళ్లీ పడతాం. నమూనా మీద కట్టిన సమీకరణం ఆ నమూనాలో ఎంత బాగా పనిచేసింది, అసలు 600 మంది మీద ఎంత పనిచేసింది? ఆ తేడాల సగటును మన సమీకరణం గొప్పలోంచి తీసివేసి, మిగిలిందే చెప్పుకోవాలి.

చివరి పట్టికలో ఐదు వరుసలుంటాయి. మధుమేహం వరుసలో పీ-వాల్యూ 0.31 వచ్చిందనుకోండి. ఆ వరుస అక్కడే ఉంటుంది. దాని గుణకం, దాని వెడల్పాటి ఇంటర్వల్ అలాగే అచ్చవుతాయి. పట్టిక కింద, మొదట చూసిన కాలమ్‌లు 23 అని కూడా రాసి ఉంటుంది.