ఆదివారం పదకొండింటికి రిసెప్షన్‌లో ఎంతమంది ఉండాలి?

హోటల్లో సగం గదులకు ఆ రాత్రికి బుకింగే లేదు. అయినా రిసెప్షన్ ముందు పదిమంది నిలబడి ఉన్నారు. బిల్లు కట్టేసి రైలు అందుకోవాలని కొందరు, సూట్‌కేసులు పక్కన పెట్టుకుని గది ఎప్పుడిస్తారా అని ఇంకొందరు. కౌంటర్ వెనక ఇద్దరే ఉన్నారు. ఒకరి చెవిలో ఫోను, ఇంకొకరి ముందు బిల్లు గురించి వాదిస్తున్న పెద్దమనిషి. చూసేవాళ్లకు ఇది ఆ ఇద్దరి చేతగానితనంలా కనిపిస్తుంది. కానీ ఈ క్యూ వారం ముందే, డ్యూటీ చార్టు రాసినప్పుడే తయారైపోయింది.

చాలా హోటళ్లలో డ్యూటీ చార్టు రాసేవారు ముందు చూసేది ఆక్యుపెన్సీ, అంటే నూటికి ఎన్ని గదులు నిండుతాయన్న అంకె. తొంభై శాతం నిండితే ముగ్గుర్ని వేస్తారు, అరవై అయితే ఇద్దరు చాలనుకుంటారు. పొద్దున టిఫిన్లు ఎన్ని వండాలో చెప్పడానికి ఆ అంకె పనికొస్తుంది, ఎందుకంటే రాత్రి పడుకున్నవాళ్లే పొద్దున తింటారు. రిసెప్షన్ సంగతి వేరు. నాలుగు రోజులుగా అదే గదిలో ఉంటున్న అతిథి కౌంటర్ దగ్గరికి వచ్చేదే తక్కువ. కౌంటర్‌కు పని పెట్టేది వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు.

విజయవాడ లాంటి ఊళ్లో వంద గదుల హోటల్ ఒకటి ఉందనుకుందాం. చెకౌట్ మధ్యాహ్నం పన్నెండు, చెకిన్ రెండు గంటలకు. ఒక చెకిన్‌కు ఎనిమిది నిమిషాలు పడుతుంది: గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్ట్రేషన్ కార్డు నింపించి సంతకం తీసుకోవాలి, అడ్వాన్సు కట్టించుకోవాలి, తాళం చేసి ఇవ్వాలి. చెకౌట్‌కు అయిదు నిమిషాలు అనుకుందాం. మంగళవారం రాత్రి 90 గదులు నిండాయి, అందరూ కంపెనీల పని మీద వచ్చినవాళ్లు. బుధవారం 20 మంది వెళ్తారు, 22 మంది వస్తారు. వెళ్లేవాళ్లకు 100 నిమిషాలు, వచ్చేవాళ్లకు 176 నిమిషాలు. రోజు మొత్తానికి నాలుగున్నర గంటల పైచిలుకు పని. ఆ రాత్రి ఆక్యుపెన్సీ 92 శాతం.

ఇప్పుడు పెళ్లి పడిన వారాంతం చూడండి. శనివారం రాత్రి 85 గదులు నిండాయి, ఎక్కువ భాగం పెళ్లివారివే. ఆదివారం 65 గదులు ఖాళీ అవుతాయి, 35 మంది కొత్తగా వస్తారు. చెకౌట్లకు 325 నిమిషాలు, చెకిన్లకు 280. కలిపితే పది గంటలు దాటింది. ఆ రాత్రి ఆక్యుపెన్సీ 55 శాతమే. శాతం చూసి చార్టు రాసిన మేనేజరు ఆదివారం ఒకరిని తగ్గించి వీక్లీ ఆఫ్ ఇచ్చేస్తాడు. బుధవారానికి రెండింతలు పైన పని ఉన్న రోజున!

ఆ పది గంటల పనీ రోజంతా పరుచుకుని ఉంటే ఎలాగో నెగ్గుకురావచ్చు. కానీ చెకౌట్ గడువు పన్నెండు కాబట్టి, ఆ 65లో నలభై గదులవాళ్లు పదికీ పన్నెండుకీ మధ్యే దిగుతారు. నలభై అయిదులు రెండు వందల నిమిషాలు. ఆ రెండు గంటల్లో గడియారం ఇచ్చేది మనిషికి నూట ఇరవై నిమిషాలే. ఇద్దరుంటే కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. అయితే పెళ్లివారు ఒక్కొక్కరుగా రారు. బస్సు వాకిట్లో ఆగగానే పన్నెండు గదులవాళ్లు ఒకేసారి లిఫ్టు దిగుతారు. ఫోను మోగుతూనే ఉంటుంది, పొద్దుటి రైలుకు దిగినవాళ్లు ముందుగా గది ఇమ్మని అడుగుతుంటారు. అందుకే ఆ రెండు గంటలకు ముగ్గురు కావాలి. మిగతా రోజంతా ముగ్గురు అక్కర్లేదు.

మామూలుగా హోటళ్లలో పొద్దున ఏడు నుంచి మూడు, మూడు నుంచి రాత్రి పదకొండు, పదకొండు నుంచి మళ్లీ ఏడు అని మూడు షిఫ్టులు నడుస్తాయి. ఇందులో చిక్కేమిటంటే షిఫ్టు మారే మూడు గంటల సమయం చెకిన్లు జోరుగా సాగే వేళ. దిగే మనిషి గల్లాపెట్టె లెక్క అప్పజెప్పాలి, ఎక్కే మనిషి లాగ్ పుస్తకం చదువుకోవాలి. అతిథి ఎదురుగా ఉన్నా ఇద్దరి తలలూ నోట్ల లెక్కలో ఉంటాయి. దీనికి మందు పదింటి నుంచి ఆరింటి దాకా ఒక మధ్య షిఫ్టు. ఆ మనిషి చెకౌట్ల రద్దీలో మూడో చెయ్యి అవుతాడు, ఒంటిగంట వేళ మిగతావాళ్లను భోజనానికి పంపుతాడు, మూడింటికి లెక్కలు మారుతుంటే కౌంటర్ వదలకుండా చెకిన్లు చేస్తాడు. కొన్నిచోట్ల దీనికి బదులు బ్రేక్ షిఫ్టు వేస్తారు: పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు. యజమానికి జీతం ఒకటే, రెండు రద్దీలూ గడిచిపోతాయి. ఊరి చివర ఇల్లున్న కుర్రాడికి మాత్రం మధ్యలో ఇంటికి వెళ్లే దారి లేదు, రోజంతా హోటల్లోనే గడిచిపోతుంది. పక్కనే సిబ్బంది వసతి లేనిచోట బ్రేక్ షిఫ్టు వేయడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇంకో పరిమితి ఉంది. కౌంటర్‌లో అయిదుగురిని నిలబెట్టినా శుభ్రం కాని గదికి తాళం ఇవ్వలేరు. పన్నెండుకు ఖాళీ అయిన నలభై గదుల్ని రెండింటికల్లా సిద్ధం చేయడం హౌస్‌కీపింగ్‌కు కష్టం. కాబట్టి ముందు వచ్చేవాళ్లకు ఏ గదులు ఇవ్వాలో పొద్దున ఎనిమిదింటికే చెప్పి, ఆ గదులు ముందు చేయించుకోవాలి. తిరుపతిలో చాలా లాడ్జీలు పాటించే ఇరవై నాలుగు గంటల పద్ధతిలో ఈ మధ్యాహ్నపు ఒత్తిడి తగ్గుతుంది, ఎందుకంటే ఎవరి గడువు వారు దిగిన వేళను బట్టి ఉంటుంది. దానికి బదులు ఎవరి గడువు ఎప్పుడు దాటుతోందో రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

ఇక రాత్రి పదకొండు తర్వాత సంగతి. చెకిన్లు పలచబడతాయి కాబట్టి ఒక్కరు చాలనుకుంటారు. ఆ ఒక్కరి నెత్తి మీదే నైట్ ఆడిట్ ఉంటుంది. హోటల్ రోజు అర్ధరాత్రి పన్నెండుకు మారదు. ఆడిట్ ముగించి కంప్యూటర్లో తేదీ జరిపినప్పుడే మారుతుంది. అంతకుముందు రెస్టారెంటు బిల్లులన్నీ ఏ గదివి ఆ గది ఖాతాకు చేరాయా, నగదూ కార్డు చీటీలూ లెక్కకు తూగుతున్నాయా, ప్రతి గదికీ ఒప్పుకున్న అద్దే పడుతోందా అని చూడాలి. ఆ తర్వాత అద్దె, పన్ను అన్ని గదులకూ ఎక్కించి, బుక్ చేసుకుని రానివాళ్లను నో షో కింద తేల్చి, తేదీ జరిపి, పొద్దుటికి కావలసిన రిపోర్టులు తీయాలి. తేదీ జరుపుతున్న ఆ కాసేపు కొన్ని సాఫ్ట్‌వేర్లలో చెకిన్ కూడా నడవదు.

విజయవాడ జంక్షన్‌లో రాత్రంతా రైళ్లు వస్తూనే ఉంటాయి. పద్నాలుగో తేదీకి గది బుక్ చేసుకున్న ఒక కుటుంబం రైలు ఆలస్యమై పదిహేను తెల్లవారుజామున మూడింటికి దిగిందనుకోండి. రెండింటికే ఆడిట్ ముగిసింది, వాళ్లను నో షోగా తేల్చేశారు, గది ఇంకొకరికి ఇచ్చేశారు. "బాబూ, డబ్బు ముందే కట్టాం కదా, రైలు లేటైతే మా తప్పా?" అని ఆ పెద్దాయన అడిగితే ఏం సమాధానం చెప్తారు? నో షో నొక్కేముందు ఆ నంబరుకు ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. ఒంటరిగా ఉన్న ఆడిటర్ ఆ ఫోను చేయడు. బద్ధకించి కాదు. లెక్కలో మూడు వందలు తేడా వచ్చి వెతుకుతుండగా ఇద్దరు అతిథులు వచ్చారు, ఒక గదిలో ఏసీ ఆగిపోయింది.

రాత్రి తొందరలో జరిగిన తప్పు పొద్దున పదకొండుకు బయటపడుతుంది, సరిగ్గా రద్దీ వేళకు. నాలుగు వేలు అనుకున్న అద్దె నాలుగున్నర పడి ఉంటుంది. కంపెనీ జీఎస్టీ నంబరు బిల్లు మీద ఉండదు, మళ్లీ కొత్త బిల్లు తీయాలి. అయిదు నిమిషాల చెకౌట్ ఇరవై అవుతుంది. అలాంటివి ఆరు పడితే అదనంగా తొంభై నిమిషాలు. పైన లెక్కకట్టిన మూడో మనిషి సమయంలో ముప్పాతిక భాగం అక్కడే హరించుకుపోయింది. అదే ఆడిటర్‌కు తీరిక ఉంటే, పొద్దున వెళ్లబోయేవాళ్ల బిల్లులు తెల్లవారకముందే తీసి, అద్దె, పేరు, జీఎస్టీ నంబరు సరిచూసి పెడతాడు. అందుకే నేను శుక్ర, శనివారాల రాత్రుల్లో రెండో మనిషిని వేయమంటాను. ఆ ఖర్చు ఆదివారం పొద్దున తిరిగి వస్తుంది. ఇద్దరుంటే ఇంకో మేలు: డబ్బు తీసుకున్న చెయ్యే ఆ డబ్బును ఆడిట్ చేయదు.

మొత్తం ఎంతమంది కావాలి? పొద్దున ఇద్దరు, మధ్యాహ్నం ఇద్దరు, మధ్య షిఫ్టు ఒకరు, రాత్రి ఒకరు. రోజుకు ఆరు డ్యూటీలు, వారానికి 42. శుక్ర, శనివారాల రాత్రుల అదనంతో 44. వారానికి 48 గంటలంటే మనిషికి ఆరు డ్యూటీలు. ఏడుగురితో 42 దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిది మంది ఉంటే 48 డ్యూటీలు చేతిలో ఉంటాయి, జ్వరాలకూ సెలవులకూ నాలుగు మిగులుతాయి. ఏడుగురితోనే నెట్టుకొచ్చే హోటల్లో కనిపించే మొదటి లక్షణం ఏమిటంటే, రాత్రి పదకొండుకు దిగిన మనిషిని మర్నాడు పొద్దున ఏడింటికే రమ్మనడం. నడుమ ఎనిమిది గంటలు, ప్రయాణం, స్నానం, భోజనం పోతే నిద్రకు మిగిలేది అయిదు. రాత్రి డ్యూటీల వరస ముగిసినవాళ్లకు ఆ పగటి నిద్ర కాక ఒక పూర్తి రోజు ఆఫ్ ఇవ్వాలి. ఆడవాళ్లను రాత్రి వేయాలంటే వాళ్ల ఒప్పుదల ఉండాలి, ఇంటికి చేర్చే వాహనం ఉండాలి.

చార్టు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు. ప్రతి చెకిన్, ప్రతి చెకౌట్ ఏ నిమిషంలో జరిగిందో కంప్యూటర్లో ఉంటుంది. ఆరు వారాలవి తీసి, వారం వారీగా, గంట గంటకూ వేసి చూస్తే ఆ హోటల్ రద్దీ ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆడిట్ ఏ వేళకు ముగుస్తోందో కూడా చూడాలి. రోజూ మూడింటికి అయ్యేది అయిదున్నరకు జారుతోందంటే రాత్రి మనిషి చాలడం లేదన్నమాట.

మన ఊళ్లలో చార్టు రాసే బల్ల మీద పంచాంగం కూడా ఉండాలి. ముహూర్తం తెల్లవారుజామున పడితే పెళ్లివారు తిరిగి గదులకు చేరి పడుకుంటారు, చెకౌట్లు పన్నెండు దాటి ఒంటిగంటకు జరుగుతాయి. అప్పుడు మధ్య షిఫ్టును పదింటికి బదులు పదకొండుకు మొదలుపెట్టాలి. ముహూర్తం రాత్రి ఎనిమిదికి అయితే పొద్దున ఏడింటికే బస్సు ఎక్కుతారు, ఆ రోజు రాత్రి మనిషితో పాటు ఆరింటికే ఇంకొకరు కావాలి. ఆషాఢం, మూఢం వచ్చాయంటే పెళ్లి గుంపులు ఉండవు, వారాంతపు రద్దీ సగానికి పడిపోతుంది. మాఘం, శ్రావణాల్లో ఆపిన సెలవులు, పేరుకుపోయిన ఆఫ్‌లు తీర్చాల్సింది అప్పుడే. ఎవరికి ఏ వారం సెలవో నెల ముందే గోడ మీద అంటిస్తే, వాళ్లు ఇంటికి టికెట్లు తీసుకోగలుగుతారు.